వాక్యముల నడుమ సంగతి

తెలుగున 'సంగతి' యను మాటకు రెండర్థములు కలవు. వాడుకలో సంగతి యనగా విషయము. "అసలు సంగతి చెప్పు" మనుచో ఉన్న విషయము చెప్పుమని భావము. శాస్త్రములలో మాత్రము సంగతి యనగా సంబంధము. ఒక ప్రకరణము ముగిసిన పిదప, మరియొక ప్రకరణము వేరొక చోట గాక అక్కడనే ఏల రావలసెనో తెలుపు సంబంధమునకు తర్కశాస్త్రజ్ఞులు ఆ పేరు పెట్టి, దానిని ఆరు విధములుగా లెక్కించిరి. ముందు చెప్పినది తరువాతి దానికి హేతువగుట ఒక విధము. ప్రస్తుత విషయము సిద్ధించుటకు కావలసిన దానిని ముందుగా చెప్పుకొనుట మరియొక విధము. మాటలలో స్మరణకు వచ్చినదియు, ఉపేక్షింపరానిదియు నగు దానిని చెప్పుట వేరొక విధము. తక్కినవాటితో మనకిప్పుడు పని లేదు. విద్యార్థులు వ్రాయు సాహిత్యవ్యాసములలో మొదటి యర్థమున సంగతులు కావలసినన్ని యుండును. రెండవ యర్థమున సంగతి తరచుగా ఉండదు. ఆ రెండవ సంగతిని కుదుర్చుకొను విధమును ఒక్క వ్యాసమును తీసికొని చూతము.

గురజాడ అప్పారావుగారి 'దిద్దుబాటు' కథ 1910లో 'ఆంధ్రభారతి' పత్రికలో వెలువడినది. కథ చిన్నది. గోపాలరావు ఒకనాటి రాత్రి చాల ప్రొద్దుపోయి ఇల్లు చేరును. భార్య కమలిని గదిలో కానరాదు. సేవకుడైన రాముని లేపి, అమ్మ ఎక్కడ అని యడిగి, కోపము పట్టజాలక వానిని కొట్టును. బల్లమీద ఒక ఉత్తరము కనబడును. అది చదివి అతడు తన తప్పు తెలిసికొనును. ఆ తరువాత కమలిని నవ్వు మంచము క్రిందినుండి వినవచ్చును. ఈ కథపై వ్యాసము వ్రాయుమనగా ఒక విద్యార్థి ఇట్లు వ్రాసెననుకొనుడు:

"గోపాలరావు చదువుకొన్నవాడు. అతడు రాత్రులు ఆలస్యముగా ఇంటికి వచ్చును. భార్యతో సభలకు పోయితినని చెప్పును. అతడు సాని పాట వినుటకు పోవుచుండెను.

కమలిని మంచి యిల్లాలు. ఆమె ఉత్తరము వ్రాసినది. ఆమె భర్తను తిట్టలేదు. ఆమె మంచము క్రింద దాగియుండెను.

రాముడు సేవకుడు. గోపాలరావు రాముని కొట్టెను. వీపు నిమిరెను. ఈ కథలో హాస్యము కలదు."

ఇందులో అబద్ధమొక్కటియు లేదు. ప్రతి వాక్యమును కథలో ఉన్నదే. వాక్యములు చిన్నవి, తప్పులు లేనివి. అయినను చదివిన పిమ్మట ఈ విద్యార్థి కథనుగూర్చి ఏమి చెప్పదలచెనో మనకు తెలియదు. లోపమెక్కడ నున్నదో కనుగొనుటకు ఒక సులభోపాయము కలదు. మూడవ పేరాను మొదట పెట్టి, మొదటిదానిని చివర పెట్టి చదువుడు. ఏమియు చెడదు. రెండవ పేరాను మధ్యనుండి తీసివైచి చదువుడు. అప్పుడును ఏమియు చెడదు. ఇటుకలను ఒకదానిపై నొకటి పేర్చినంత మాత్రమున గోడ కానట్లే, ఏ పేరాను ఎక్కడ పెట్టినను సరిపోవు వ్యాసమున వాదము లేదు.

సంగతి లేదని చెప్పగానే విద్యార్థి సాధారణముగా చేయు పని యొకటున్నది. వాక్యముల నడుమ మరియు, కావున, అయినను, అంతేగాక అను మాటలను చల్లును. "గోపాలరావు చదువుకొన్నవాడు. కావున అతడు రాత్రులు ఆలస్యముగా ఇంటికి వచ్చును. మరియు భార్యతో సభలకు పోయితినని చెప్పును. అంతేగాక అతడు సాని పాట వినుటకు పోవుచుండెను." ఇప్పుడు వ్యాసము మునుపటికన్న చెడినది. చదువుకొన్నవారందరును అర్ధరాత్రి ఇల్లు చేరుదురని 'కావున' చెప్పుచున్నది! మునుపు సంబంధము లేకుండెను. ఇప్పుడు లేని సంబంధము ఉన్నట్లు అబద్ధసాక్ష్యము పుట్టినది.

ఈ చిన్న మాటలలో ప్రతిదియు ఒక ప్రతిజ్ఞ చేయుచుండును. 'కావున' అనునది, ముందు వాక్యము కారణము, తరువాతి వాక్యము కార్యము అని చెప్పును. దానిని వ్రాసినవాడు "ఎందుచేత?" అని తన్ను తానడిగికొని, ముందు వాక్యమే జవాబుగా వచ్చుచున్నదేమో చూచుకొనవలెను. "గోపాలరావు ఆలస్యముగా ఎందుచేత వచ్చెను? చదువుకొన్నందుచేత." ఈ జవాబు నిలువదు; కావున 'కావున' నిలువదు. 'అయినను' అనునది, ముందు వాక్యము చదివి పాఠకుడు ఒకటి యెదురుచూచుననియు, జరిగినది దానికి విరుద్ధమనియు చెప్పును. చదువుకొన్నవాడనగానే నిజము చెప్పునని మనమనుకొందుము, అతడు అబద్ధమాడెను. ఇక్కడ 'అయినను' సరిపోవును. 'మరియు' అనునది అన్నింటికంటె బలహీనము. అది రెండింటిని ప్రక్కప్రక్కన కూర్చుండబెట్టునే గాని వాటి చుట్టరికమేమో చెప్పదు. 'మరియు'తో కలిపిన రెండు వాక్యములను తారుమారు చేసినను అర్థము చెడదు. అందుచేత వాదము నడపవలసిన చోట అది పనికిరాదు. 'అంతేగాక' బరువైన మాటయని కొందరు దానిని గౌరవముతో వాడుదురు గాని, అది అచ్చతెలుగే. అదియు 'మరియు'కు అన్నగారే.

అట్లయిన మాటలు తెచ్చి అతికించుట కాక, చేయవలసిన దేమి? మొదట ఆకాంక్షను పట్టుకొనవలెను. వాక్యములోని పదములకు ఆకాంక్ష యుండవలెనని మన పెద్దలు చెప్పిరి. "గోపాలరావు ఉత్తరమును" అని ఆగినచో, వినువాని మనస్సులో "ఏమి చేసెను?" అను ప్రశ్న పుట్టును. "చదివెను" అను క్రియ వచ్చువరకు ఆ మనస్సు ఊరుకొనదు. పదముల విషయమున చెప్పిన ఈ మాట వాక్యములకును, పేరాలకును చెల్లును. ఒక వాక్యము ఒక ప్రశ్నను పుట్టింపవలెను; తరువాతి వాక్యము దానికి జవాబై, మరియొక ప్రశ్నను పుట్టింపవలెను. "గోపాలరావు చదువుకొన్నవాడు" అనునది ఏ ప్రశ్నను పుట్టించుచున్నదో, మన విద్యార్థి చూచుకొనలేదు.

ప్రశ్నలు తమంతట తాము పుట్టవు; వ్యాసకర్తకు చెప్పదలచిన మాట యొకటి ఉన్నప్పుడే పుట్టును. మన విద్యార్థిని పిలిచి, "ఈ కథలో నీకు విశేషముగా తోచినదేమి?" అని యడిగినచో అతడు తడుముకొనక, "ఆమె తిట్టకుండనే అతనిని దిద్దినది" అనును. ఈ మాట అతని వ్యాసమున రెండవ పేరాలో మూడవ వాక్యముగా, నాలుగు మాటల మధ్య నలిగి పడియున్నది. దానిని బయటికి తీసినచో ప్రశ్నలు వరుసగా వచ్చును. తిట్టినచో అతడు ఏల దిద్దుకొనడు? తిట్టనిచో ఏల దిద్దుకొనును? అతనిలో దిద్దుకొనదగిన గుణమేది? అది యున్నదని మనకెట్లు తెలియును?

చివరి ప్రశ్నకు జవాబు ఎక్కడ నున్నదో చూడుడు. రాముని కొట్టి, వెంటనే జాలిపడి, వాని వీపు నిమిరిన సన్నివేశములో నున్నది. హాస్యమునకు చెందినదని విద్యార్థి దానిని వ్యాసమునకు తోకగా కట్టినాడు. నిజమునకు అది ఉత్తరమునకు ముందు రావలెను. కథలోను ముందే వచ్చినది. గోపాలరావు మెత్తనివాడని ముందుగా తెలిసిననే, నింద లేని ఉత్తరము అతనిపై ఏల పనిచేసెనో అర్థమగును. శాస్త్రకారులు చెప్పిన రెండవ సంగతి ఇదియే: ప్రస్తుత విషయము సిద్ధించుటకు కావలసిన దానిని ముందుగా చెప్పుకొనుట. సంబంధమును వెదకుచు పోగా పేరాల వరుసయే మారినది. ముందు వరుస కుదరక, పిమ్మట ముడులు వేసిన వ్యాసమేదియు నిలువదు.

ఇక వాక్యములను కలుపుటకు వత్తము. తెలుగునకు ఒక సౌకర్యమున్నది. ఇతర మాటలు తెచ్చి చేర్పకయే మన క్రియలు సంబంధమును చెప్పగలవు. వచ్చి, వచ్చుచు, వచ్చిన, వచ్చినను, వచ్చుటచే, వచ్చునప్పటికి అనునవి చూడుడు. ఒకే ధాతువు, చుట్టరికములు ఆరు. 'వచ్చినచో' అనుటకు 'వచ్చిన' అన్నను చాలును, అది షరతు. 'వచ్చినను' అనునది విరోధము. 'వచ్చుటచే' అనునది కారణము. 'వచ్చి' అనునది ముందు ఇది జరిగెను, పిదప అది జరిగెను అనునంత మాత్రమే చెప్పును.

ఈ చివరిదానినే క్త్వార్థకమందురు. విద్యార్థులకు దీనిమీద మక్కువ యెక్కువ. దీనివలన రెండు పొరపాట్లు వచ్చును. మొదటిది వ్యాకరణమునకు సంబంధించినది. క్త్వార్థకమునకును ముగింపుక్రియకును కర్త ఒక్కడే కావలెను. "గోపాలరావు కొట్టి, రాముడు కూలబడెను" అనరాదు. "గోపాలరావు కొట్టగా రాముడు కూలబడెను" అనవలెను. రెండవ పొరపాటు తర్కమునకు సంబంధించినది; ఇది దిద్దువారి కంటికి కూడ తరచుగా తప్పించుకొనును. "గోపాలరావు కోపపడి, రాముని కొట్టి, వీపు నిమిరెను." వ్యాకరణము చక్కగా నున్నది. కాని కొట్టుట, నిమురుట యను రెండును ఒకే కోపమునుండి వచ్చినట్లున్నవి. వాటి నడుమ నున్న మలుపు మాయమైనది. "గోపాలరావు కోపపడి రాముని కొట్టినను, ఆ క్షణముననే పశ్చాత్తాపపడి వాని వీపు నిమిరెను" అన్నప్పుడు మలుపు కనబడును. 'కొట్టి'ని 'కొట్టినను'గా మార్చితిమి, పశ్చాత్తాపమును పేరుతో చెప్పితిమి; ఆ మనిషి స్వభావము బయటపడినది.

సర్వనామముల విషయమునను జాగ్రత్త కావలెను. "గోపాలరావు రాముని కొట్టెను. అతడు చాల బాధపడెను." ఎవడు బాధపడెను? దెబ్బ తినినవాడా, కొట్టినవాడా? ఈ కథలో ఇద్దరును బాధపడిరి గనుక చిక్కు మరింత యెక్కువ. 'ఇది', 'దీనివలన' అను మాటలును ఇట్టివే. అవి దేనిని చూపుచున్నవో వ్రాసినవానికి మాత్రమే తెలియును. దీనికి మంచి మందొకటి కలదు. ఒంటిగా 'ఇది' అనక, 'ఈ' తరువాత ఒక పేరు పెట్టవలెను. ఈ అబద్ధము, ఈ సాకు, ఈ మర్యాద. గోపాలరావు సభలకు పోయితినని చెప్పుటను 'ఈ అబద్ధము' అన్నచో అతనిని దోషిగా చూపితిమి. 'ఈ సాకు' అన్నచో అతడు తన్ను తాను కప్పుకొనుచున్నాడని చెప్పితిమి. పేరు పెట్టుటలోనే వాదము ఒక అడుగు ముందుకు పోవును. ముందు చెప్పినదానిని పట్టుకొనుటయు, దానినిగూర్చి తీర్పు చెప్పుటయు ఒక్క మాటలో జరుగును. నా యెరుకలో ఇంతకన్న గట్టి ముడి లేదు.

ఇప్పుడు అదే విద్యార్థి, అవే విషయములతో తిరిగి వ్రాసిన వ్యాసమును చదువుడు:

"గోపాలరావు చదువుకొన్నవాడు. అయినను అతడు సాని పాటకు పోయి రాత్రులు ఆలస్యముగా వచ్చుచు, లోకహితము కొరకు సభలకు పోవుచున్నానని భార్యతో చెప్పుచుండెను. ఈ సాకు గౌరవమైనది. ఎవరైన నిలదీసినను అతని వద్ద బదులు సిద్ధముగా నుండును.

బదులు సిద్ధముగా నున్నను అతడు కఠినుడు కాడు. భార్య కానరాని రాత్రి కోపము పట్టజాలక రాముని కొట్టినను, ఆ క్షణముననే పశ్చాత్తాపపడి వాని వీపు నిమిరెను. రాముడు అతనిని తప్పుపట్టలేదు. ఒకరు తప్పుపట్టకయే తన తప్పు తాను గుర్తింపగల మనస్సు అతనికి కలదు.

కమలిని ఉత్తరము ఆ మనస్సునకే గురిపెట్టినది. అందులో నింద లేదు. తాను ఇంట నుండుటచేతనే భర్తకు అబద్ధమాడవలసి వచ్చుచున్నదనియు, తాను పుట్టింటికి పోయినచో ఆయన సత్యవ్రతమునకు భంగముండదనియు ఆమె వ్రాసినది. నిలదీయువారికై అతడు దాచుకొన్న బదులు, నిలదీయని ఈ ఉత్తరమునకు పనికిరాలేదు.

చెప్పుటకు బదులు లేకపోగా అతడు తన తప్పు ఒప్పుకొని, భార్యను తీసికొనివచ్చుటకు రాముని పంప సిద్ధపడెను. అప్పుడే మంచము క్రిందినుండి నవ్వు వినవచ్చెను. ఆమె నిజముగా పోయియుండినచో అది శిక్ష యగును. ఇంటనే యుండి నవ్వుటచేత అది దిద్దుబాటైనది."

పేరాల తొలివాక్యములను మాత్రము వ్రేలితో చూపుచు చదువుడు. రెండవ పేరా 'బదులు' అను మాటతో మొదలైనది. అది మొదటి పేరా చివర విడిచిన మాట. మూడవ పేరాలోని 'ఆ మనస్సు' రెండవ పేరా చివరిది. నాలుగవ పేరా మరల 'బదులు'ను అందుకొన్నది. ప్రతి తొలివాక్యమునకును రెండు చేతులున్నవి. ఒకటి వెనుకటి పేరాను పట్టుకొన్నది, రెండవది క్రొత్త విషయమును అందించుచున్నది. 'పైన చెప్పినట్లు' అని గాని, 'ఇక రెండవ విషయము' అని గాని ఎక్కడను అనవలసిన పని కలుగలేదు. మునుపటి పరీక్షను మరల చేయుడు. రెండవ పేరాను తీసివైచినచో 'ఆ మనస్సు' ఏ మనస్సో తెలియదు. మొదటిదానిని చివర పెట్టినచో 'బదులు' గాలిలో వ్రేలాడును. ఇప్పుడు ఏది కదలించినను చెడుచున్నది. అదియే మనకు కావలసినది.

సంధాయక పదములు ఎన్ని యున్నవో కూడ లెక్కింపుడు. వ్యాసమంతటిలో వాక్యమునకు ముందు విడిగా నిలిచిన 'అయినను' ఒక్కటే. 'మరియు' లేదు, 'కావున' లేదు, 'అంతేగాక' లేదు. "అందులో నింద లేదు" అను వాక్యమునకు ముందు ఏ ముడియు లేదు, అవసరము లేదు. ఉత్తరము గురిపెట్టినదనగానే, అందులో ఏమున్నదను ప్రశ్న పాఠకునికి కలిగియే యున్నది. అట్టి చోట 'ఎట్లనగా' అని వ్రాసినచో, నడచుచున్నవానిని ఆపి నడువుమని చెప్పినట్లుండును. కథలో ఒకదాని తరువాత ఒకటిగా జరిగిన పనులకు 'తరువాత', 'ఆ తరువాత', 'ఆ పిమ్మట' అని తగిలించుచు పోవుటయు ఇట్టిదే. వాక్యముల వరుసయే కాలపు వరుసను చెప్పును.

వ్రాసినది దిద్దుకొనునప్పుడు మరియొక పరీక్ష చేయవచ్చును. కలుపు మాటలన్నింటిని పెన్సిలుతో కొట్టివైచి వ్యాసమును ఒకసారి చదువవలెను. మాట పోయినను సంబంధము తోచుచున్నచో, ఆ సంబంధము విషయములోనే యున్నది. మాటను మరల ఉంచుటయో మానుటయో చెవికి వదలవచ్చును. మాట పోగానే రెండు వాక్యములు విడిపోయినచో, వాటిని ఆ మాట యొక్కటే పట్టుకొని యున్నదన్నమాట. అట్టి చోట వాటి మధ్య ఒక వాక్యము లోపించినదేమో చూడవలెను. మన విద్యార్థి వ్యాసమున "రాముడు అతనిని తప్పుపట్టలేదు" అను వాక్యము ఇట్లే పుట్టినది. అది లేక, "వీపు నిమిరెను, కావున తన తప్పు తాను గుర్తింపగల మనస్సు అతనికి కలదు" అని వ్రాసినచో, రాముడు మొరపెట్టుకొనుటచే జాలిపడెనేమో యని పాఠకుడు సందేహించును.

ఈ వ్యాసమునకు విద్యార్థి మొదట మరియొక వాక్యమును చేర్పదలచెననుకొనుడు: "కావున స్త్రీలందరును చదువుకొనవలెను." మాట మంచిది, కమలిని చదువుకొన్నది గనుకనే ఉత్తరము వ్రాయగలిగినది. దానిని కాదనువారెవరు? కాని నాలుగు పేరాలలో ఎక్కడను కమలిని చదువునుగూర్చిన ప్రశ్న పుట్టలేదు. నింద లేని మాట ఏల పనిచేసెనను ప్రశ్న మాత్రమే పుట్టినది. దానికి నవ్వుతో జవాబు వచ్చినది. ఆ వాక్యమును నిలుపవలెనన్నచో, ఆమె తన చదువుతో భర్త మాటలనే భర్తకు తిప్పి వ్రాయగలిగెనని మూడవ పేరాలోనే చూపి, అక్కడినుండి దారమును లాగుకొని రావలెను. ఆ శ్రమ పడుటకు సమయము లేకున్నచో, "దిద్దుబాటైనది" అను మాటవద్ద కలము ఆపవలెను.